ఆఫీసరుకు మూడు లైట్లు, ఆయమ్మకు వాకిలి

మా ఓనరన్న దృష్టిలో లైటంటే మర్యాద. ఇంటికొచ్చిన పెద్దమనిషికి కుర్చీ వేసినట్టు, కాఫీ ఇచ్చినట్టు, ముఖాన లైటు కొట్టాలి. మదనపల్లెలో ఆయన నడిపే యూట్యూబ్ చానల్‌లో కెమెరా, లైట్ల పని నాది. పెత్తనం ఆయనది. ఇంటర్వ్యూకు పెద్దవాళ్ళు వస్తే మూడు లైట్లూ వెలిగేవి. రైతో, కూలికి పోయే ఆడమనిషో వస్తే లైట్లు వ్యాన్‌లోంచి దిగేవి కావు. "పేదోళ్ళ కష్టం సీకట్లోనే బాగా కనపడుతుందమ్మా" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఎంత జాలో! ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

ఈ మర్యాద సంగతి నాకు పాత కథే. నేను పుంగనూరు పిల్లను, రంగు నలుపు. నా పెళ్ళి వీడియోలో నన్ను తెల్లగా చూపించాలని ఎదురుగా నిలబడి ఫ్లడ్ లైటు కొట్టారు, చాలక కంప్యూటర్‌లో ఇంకొంచెం తెలుపు పూశారు. ముక్కు లేదు, బుగ్గలు లేవు, కళ్ళూ బొట్టూ మాత్రం గాలిలో తేలుతుంటాయి. మా అత్తగారు దాన్ని చూసి "మా కోడలు ఎంత కళగా ఉండాదో" అని మురిసిపోయింది. పక్కనే కూర్చున్న కోడలి మీద ఆమెకు అంత మురిపెం ఎప్పుడూ కలగలేదు. నల్లవాళ్ళను తెల్లగా చేయడం, అది కాకపోతే చీకట్లో పెట్టడం, మా వీడియోవాళ్ళకు తెలిసింది ఈ రెండే.

ఇక అసలు సంగతి. రామకుప్పం వైపు ఒక అక్క రాగిచేనును ఏనుగులు తొక్కేశాయి. నష్టం రాసి పరిహారం ఇప్పించాల్సిన ఫారెస్టు ఆఫీసరు కుప్పంలో కూర్చునే "ఆవులు మేసింటాయి" అని తేల్చేశాడు. అక్క చేనును దున్నకుండా అట్లే పెట్టుకుంది. ఆయన ఒక్కసారి వచ్చి ఏనుగుల అడుగులు చూస్తే చాలు. ఒక్క గట్టి వాన పడితే అవీ పోతాయి. ఆఫీసు చుట్టూ తిరిగినా ఆయన తల ఎత్తలేదు. కుప్పంలో జరగబోయే రైతుల మీటింగులో వేయడానికి మా ఓనరన్న ఒక వీడియో ఒప్పుకున్నాడు. అందులో ఆఫీసరు మాటా ఉండాలి, అక్క మాటా ఉండాలి.

ముందు ఆఫీసరు గది. అగ్గిపెట్టంత గది, గోడలు తెల్లని తెలుపు, ఆయన కూడా మంచి పసిమి, పైగా బట్టతల. మూడు లైట్లంటే ఒక లెక్క ఉంది. ఒకటి పక్కగా, కొంచెం ఎత్తులో, ముఖానికి ముఖ్యమైన వెలుగు. రెండోది అవతలి పక్క నీడను కాస్త తేల్చడానికి, మొదటిదానికన్నా తక్కువగా. మూడోది వెనకనుంచి భుజాల మీద, తల మీద, మనిషి గోడకు అతుక్కుపోకుండా. ఇట్లాంటి గదిలో రెండో లైటు పని గోడే చేసిపెడుతుంది, తెల్లగోడకు కొట్టుకున్న వెలుగంతా తిరిగి మనిషి మీదికే వస్తుంది కదా.

"అన్నా, రెండో లైటు ఆర్పేద్దాం. వెనకది కూడా తగ్గిద్దాం, తల మెరుస్తాండాది" అన్నాను.

"ఆఫీసరుకు రెండు లైట్లేనా? ఏమనుకుంటాడమ్మా?" అన్నాడు ఓనరన్న.

ఆఫీసరు విననే విన్నాడు. "ఇంకోటి ఉంటే అదీ పెట్టండి" అన్నాడు. ఇంకోటి లేదు, ఉన్న మూడూ నిండుగా వెలిగించాం. ఫలితం, కనుబొమలు లేని పెద్ద ఇడ్లీ ఒకటి ఆవుల గురించి మాట్లాడింది.

తర్వాత అక్క ఇల్లు. మిట్టమధ్యాహ్నం. ఓనరన్న ఆమెను వాకిట్లో కూర్చోబెట్టాడు, వెనక మండే ఎండ. లైట్లు వద్దన్నాడు. కెమెరా ఆ ఎండకు సర్దుకునేసరికి అక్క ముఖం నల్లగా మాడిపోయి, ఉత్త ఆకారం మిగిలింది. చానల్‌లో పెట్టగానే కింద కామెంట్లు, సాక్షి ముఖం ఎందుకు దాచారు, కేసేమిటి అని. ఆఫీసరు కూడా చూశాడట. "ముఖం చూపించనామె మాటకు నేనేం జవాబు చెప్పేది" అన్నాడట.

అక్క నాకు ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది.

"నేను మొగం యాల దాసుకుంటానమ్మా? దొంగతనం చేసినానా? ఆయప్పకు నా మొగం కనపడాల అనే కదా మాట్లాడింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఓనరన్న దగ్గరికి పోయి, మళ్ళీ తీయకపోతే మీటింగువాళ్ళు వీడియో వేయరు అని భయపెట్టాను. కలకడలో పెళ్ళి వీడియో ఒప్పుకుని ఉన్నాడు కాబట్టి, "నువ్వే పోయి రా పో" అన్నాడు. ఆ పెళ్ళివారు చల్లగా ఉండాలి.

అక్క ముందుగది ఆఫీసరు గదికన్నా చిన్నది. గోడలు చిలకపచ్చ. పచ్చగోడకు తగిలిన వెలుగు పచ్చగానే వస్తుంది, బుగ్గ మీద పడితే కామెర్లు వచ్చినట్టుంటుంది. ట్యూబ్‌లైటు ఆర్పేశాను, దాని రంగు మా లైట్ల రంగుతో కలవదు. కుర్చీని గోడనుంచి లాగి మూలకు మూల ఏటవాలుగా వేశాను, ఉన్న గదిలో అదే ఎక్కువ దూరం. స్టాండు పట్టే చోటు లేక వెనక లైటును తలుపు పైనున్న అటక చెక్కకు బిగించాను.

"ఎక్కువ లైటు కొట్టమ్మా, నల్లదాన్ని కదా" అంది అక్క.

"ఎక్కువ కాదక్కా, పెద్దది కావాల. ఇంట్లో తెల్లపంచె ఉండాదా?"

వాళ్ళాయన పంచె తెచ్చింది. దాన్ని ముఖ్యమైన లైటుకు ముందు పరదాలాగా కట్టి, పక్కనుంచి ఆమెకు బాగా దగ్గరగా జరిపాను. నల్లని చర్మం మీద చిన్న లైటు సూటిగా కొడితే నుదుటి మీద మెరిసే చుక్క పడుతుంది, మిగతాదంతా అట్లే ఉండిపోతుంది. పెద్ద మెత్తటి వెలుగు పక్కనుంచి వస్తే చెంప ఎముక మీద సన్నని మెరుపు పరుచుకుంటుంది, ముఖానికి ఆకారం వస్తుంది. అవతలి పచ్చగోడకు దుప్పటి కట్టాను, తెల్లనిది. రెండో లైటు వేయనే లేదు. కెమెరాను గోడకు కాదు, ఆమె ముఖానికే సరిచేశాను. చెమట అద్దమని తువ్వాలు ఇచ్చాను, పౌడరు మాత్రం రాయనియ్యలేదు.

కెమెరా తెర ఆమె వైపు తిప్పాను. చాలాసేపు చూసుకుంది.

"ఇది నేనే" అంది.

నాకు ఏడుపొచ్చింది. లైటు సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

మీటింగు రోజు కుప్పంలో హాలు నిండింది. ముందు వరసలో ఆఫీసరు, ఆయన పక్కన ఓనరన్న, పెళ్ళిలో ఇచ్చిన కొత్త చొక్కాలో. తెర మీద ముందు ఇడ్లీ వచ్చింది. జనం మర్యాదకు నవ్వలేదు. ఆ తర్వాత అక్క వచ్చింది, తెరనిండా. కంటి కింద ముడతలు, అలసట, నలుపు, అన్నీ ఆమెవే. కెమెరా వైపే చూస్తూ, ఏ పక్కనుంచి ఏనుగులు దిగాయో, ఎక్కడ చేనుగట్టు తెగిందో చెప్తోంది. ఎటు కూర్చున్నవాళ్ళకైనా తమనే చూస్తున్నట్టుంటుంది.

ఓనరన్న వెనక్కి వంగి "ఏం ఫిల్టరమ్మా ఇది?" అని నన్ను అడిగాడు.

ఆఫీసరు మాత్రం తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "ఈమెను నేనెక్కడో చూసినట్టుందే" అన్నాడు, పైకే.

అక్క నా పక్కనే కూర్చుని ఉంది. లేచి నిలబడింది.

"మీ ఆఫీసు వరండాలో సార్. దినామూ వస్తాండాను. మీరు సూసింది ఈ పొద్దే."

ఆయన తిరిగి ఆమెను చూశాడు, తెరను చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు.

"చేను దున్నేశారా అమ్మా?" అన్నాడు.

"లేదు సార్, అట్లే ఉండాది. వాన పడకముందే రాండి."