వలెను గారికి ఆవిరక్క పెట్టిన పరీక్ష

ఆసుపత్రిలో నన్ను ‘వలెను గారు’ అంటారు. ముందే ఒప్పేసుకుంటే మీరు కొత్తగా నవ్వడానికి ఏమీ మిగలదు. నాణ్యతా విభాగంలో గుమాస్తాని. పదకొండేళ్ల కిందట, ఆపరేషన్ పనిముట్లను కడిగి, మూటకట్టి, ఆవిరిలో శుద్ధి చేసే గది కోసం పని పద్ధతుల పుస్తకం రాశాను. ఎస్ఓపీ అంటారు దాన్ని. నలభై ఆరు పేజీలు. ప్రతి వాక్యమూ ‘వలెను’తోనే ముగుస్తుంది. ‘పనిముట్లు శుభ్రపరచవలెను. ముద్రిత పట్టీని పరిశీలించవలెను. సంతృప్తి చెందిన పిమ్మట మాత్రమే పంపవలెను.’ ఆ మూడో వాక్యం రాసిన రోజు దాన్ని మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను. ఎవరు సంతృప్తి చెందాలో ఆవిడా అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆ గదిలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఆవిరక్క. పనిముట్లు కడగడానికి వచ్చి, చూసి నేర్చుకుని, పరీక్ష రాసి, ఆటోక్లేవ్ ఆపరేటరైంది. ఆటోక్లేవంటే బీరువా అంత ఉండే ఆవిరి మెషీన్. ఆవిడ ఎడమ ముంజేతి మీద దాని తలుపంచు కాల్చిన మచ్చ ఉంటుంది. చనిపోయిన అక్క కూతుర్ని పెంచుతోంది. ఆ పిల్ల నర్సింగ్ రెండో ఏడు. మాట తక్కువ మనిషి. ఎంత తక్కువంటే, నేను పావుగంట ఉపన్యాసం దంచినా చివర్లో “సరే సార్” అని మెషీన్ వైపు తిరుగుతుంది. మెచ్చుకుందనుకుని పొంగిపోతూ వచ్చేవాణ్ణి.

ఒక సోమవారం థియేటర్లో పనిముట్ల మూట విప్పిన నర్సు, లోపల పెట్టిన సూచిక పట్టీ చూసి ఆగిపోయింది. ఆవిరి సరిపడా తగిలితే పట్టీ మీది రంగు ‘సరి’ గీత దాకా పాకాలి. సగంలోనే ఆగింది. పేషెంటు బల్ల మీదున్నాడు, కత్తి ఇంకా పెట్టలేదు. వేరే మూట తెప్పించి నలభై నిమిషాలు ఆలస్యంగా ఆపరేషన్ చేశారు. అదే లోడులోని, అంటే దాంతోపాటు మెషీన్లో పెట్టిన, మిగతా ఐదు మూటలూ ఎక్కడెక్కడున్నాయో వెతికి వెనక్కి తెచ్చారు. మనిషికి ఏమీ కాలేదు. కానీ కాగితం మీద ఒకే ఒక్క సంతకం ఉంది. మూటలు పంపిన రిజిస్టర్లో, ఆవిరక్కది.

పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచారు. ఆసుపత్రి మొత్తం ఆవిడ చేతిలో ఉంటుంది, గొంతు మాత్రం ఎప్పుడూ పెరగదు. “శుక్రవారం పొద్దున ఆవిడ ఉద్యోగం సంగతి తేలుద్దాం. ఈలోగా మీ నలభై ఆరు పేజీల్ని రెండు పేజీల చెక్‌లిస్టు చెయ్యండి. అడుగు అడుగుకీ ఎవరిది బాధ్యతో, ఎక్కడ ఆగి సరిచూసుకోవాలో ఉండాలి. మళ్లీ ఇలా జరగకూడదు.”

“చిటికెలో పని మేడమ్” అన్నాను. నా నోటికి తాళం లేదని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది.

మంగళవారం ఆఫీసులో కూర్చుని, ప్రతి ‘వలెను’ పక్కనా ఓ గడి పెట్టాను. నూట పద్దెనిమిది గడులు వచ్చాయి. చివరి వరసకి ‘బాధ్యులు’ అని పేరు పెట్టి, పైనుంచి కిందిదాకా ‘సంబంధిత సిబ్బంది’ అని దించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సాయంత్రం ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను.

“ఏమండీ, ఈ సంబంధిత సిబ్బంది ఎవరు?”

“సంబంధించిన సిబ్బంది.”

“ఆహా! మనింట్లో పొయ్యి కట్టేసే సంబంధిత సిబ్బందిని నేను. మీరు పెట్టిన పాలు పొంగినప్పుడు కూడా నేనే. అలాంటిదేనా?”

ఈ ఇంట్లో పండితుడికి విలువ లేదనుకుని పడుకున్నాను.

బుధవారం ఆ పద్దెనిమిదిన్నర అడుగుల గదికి వెళ్లాను. అవును, కొలత కూడా పుస్తకంలో రాశాను. అది రాశాక మళ్లీ ఆ గదిలో పూర్తిగా ఒక షిఫ్టు నిలబడింది లేదు. ఒకవైపు మురికి పనిముట్లు వచ్చే కిటికీ, మధ్యలో మూటలు కట్టే బల్ల, ఆపైన ఆటోక్లేవ్, అవతల మూటలు చల్లారే అరలు. నా కాపీ తేవడం మర్చిపోయాను. “నాది ఉంది సార్” అని ఆవిరక్క మేకుకి వేలాడుతున్న పుస్తకం తీసిచ్చింది. అట్ట ఆవిరికి ఉబ్బిపోయింది.

“సోమవారం ఏం జరిగింది?” అని అడిగాను.

చెప్పింది. లోడు నడుస్తుండగా ఆవిరి ఒత్తిడి పడిపోయింది. నూట ముప్ఫై నాలుగు డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు నిలవాల్సింది ఒక్క నిమిషమే నిలిచింది. మెషీన్ అలారం కొట్టి, శుద్ధి ఆపేసి, ఆవిరి వదిలి, మూటల్ని ఆరబెట్టి ఊరుకుంది. ఆ సమయానికి ఆవిడ మురికి కిటికీ దగ్గర థియేటర్ పనిముట్లు లెక్కపెట్టి తీసుకుంటోంది, ఆ గలగలలో అలారం వినపడలేదు. అలారం విని మెకానిక్ వచ్చాడు. మెషీన్ ఖాళీగా ఉంటేగానీ చూడలేనని మూటలు తీసి చల్లారే అరలో పెట్టాడు. డిగ్రీలూ నిమిషాలూ అచ్చయ్యే పట్టీని, తప్పెక్కడుందో చూడాలని చించి జేబులో పెట్టుకున్నాడు. ఈవిడ తిరిగొచ్చేసరికి మూటలు అరలో ఉన్నాయి, పొడిగా ఉన్నాయి, పైనున్న టేపు నల్లబడింది. పంపేసింది.

“టేపు వేడి తగిలిందని మాత్రమే చెప్తుంది సార్. లోపల సరిపోయిందో లేదో చెప్పదు. నాకు తెలుసు. పట్టీ అడగాల్సింది. ఇన్‌చార్జి సిస్టర్ చూసి ఉంటుందనుకున్నా. ఆవిడ నేను చూశాననుకుంది. మెకానిక్ మేమిద్దరం చూశామనుకున్నాడు. సంతకం నాది కదా.”

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం! “పుస్తకంలో స్పష్టంగా ఉంది కదమ్మా” అంటూ గర్వంగా ముప్ఫై ఒకటో పేజీ తీశాను. ‘ముద్రిత పట్టీని పరిశీలించవలెను.’ దాని పక్కన, పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో: ‘ఎవరు?’

పేజీలు తిప్పాను. ‘మూటను సరిచూడవలెను’ పక్కన: ఎవరు? ‘తగు వ్యక్తికి తెలియజేయవలెను’ పక్కన: ఎవరు? ఎవరికి? మొత్తం పదిహేడు చోట్ల ఉన్నాయి. ముప్ఫై ఒకటో పేజీ అడుగున ఇంకో వరస కూడా ఉంది. తొమ్మిదేళ్ల కిందటి తారీఖు వేసి: ‘సార్‌ని అడిగాను. “అందరూ” అన్నారు.’

గుర్తొచ్చింది. మెట్ల మీద టీ కప్పుతో దిగుతుంటే ఈవిడ ఎదురై ఏదో అడిగింది. ‘వలెను అంటే అందరూ అనమ్మా, అదే ఆ భాషలోని అందం’ అని నవ్వి దిగిపోయాను. అందరూ అందలమెక్కితే మోసేవారెవరని ఆవిడ ఎదురడగలేదు. “సరే సార్” అంది. వెళ్లి రాసుకుంది.

“ఈ పుస్తకం ఒకరోజు ఇంటికి తీసుకెళ్తానమ్మా” అన్నాను.

“సరే సార్.”

ఇక నా వీరత్వం వినండి. ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద పుస్తకం తెరిచి, పక్కన రబ్బరు పెట్టుకున్నాను. పెన్సిల్ రాతే కదా. ఆ ఒక్క వరస పోతే, పదకొండేళ్ల పండితుడు పండితుడిగానే మిగులుతాడు. ‘అందరూ’లో చివరి రూ మీద రబ్బరు ఆనించాను కూడా. అక్షరం కాస్త మసకబారింది. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి, చూసి, గ్లాసు పెట్టి వెళ్లబోతూ ఆగింది.

“అది చెరిపేది ఎవరండీ? సంబంధిత సిబ్బందా?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాటకి నాకు కోపం కూడా రాలేదు, అదీ సంగతి. రబ్బరు తీసి కిటికీలోంచి విసిరేశాను. మర్నాడు పొద్దున మళ్లీ వెతికి తెచ్చుకున్నాను, అది వేరే విషయం, బాగా చెరిపే రబ్బరు.

గురువారమంతా ఆ గదిలోనే ఉన్నాను. పుస్తకం పక్కనపెట్టి, ఆవిడ చేతులు ఏ వరసలో కదులుతాయో చూసి రాశాను. ఒక వరసకి ఒకే పని, ఒక పనికి ఒకే బాధ్యులు. మనుషుల పేర్లు కాదు, హోదాలు, షిఫ్టు మారినా చెల్లేలా. ఇన్‌చార్జి లేకపోతే ఆ స్థానంలో ఎవరో కూడా. ‘సంతృప్తి చెందిన పిమ్మట’ అన్నదాన్ని కొట్టేసి, ‘ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు’ అని ఖాళీలు పెట్టాను. టిక్కు కళ్లు మూసుకుని కూడా పెట్టొచ్చు, అంకె వెయ్యాలంటే చూడాల్సిందే. నూట పద్దెనిమిది కాస్తా ఇరవై ఆరైంది. ఎందుకు, ఏమిటి అనే వివరాలన్నీ పాత పుస్తకంలోనే ఉంచాను.

ఆపే చోట్లు మూడు. పొద్దున ఖాళీ మెషీన్ పరీక్ష నెగ్గితేనే మొదటి లోడు. లోడు అయ్యాక ఆపరేటర్ అంకెలు వేసి, ఇన్‌చార్జి సిస్టర్ పట్టీ చూసి సంతకం పెడితేనే మూటల మీద ‘ఆగు’ అని పెట్టిన ఎర్ర అట్ట తియ్యాలి. థియేటర్లో మూట విప్పిన నర్సు లోపలి పట్టీ చూశాకే పనిముట్టు ముట్టాలి. మధ్యలో మెషీన్ ఆగితే, ‘పనికిరాదు’ చీటీ తగిలించి పట్టీని ఆపరేటర్ చేతికివ్వడం మెకానిక్ పని. ఆ లోడంతా విప్పి మళ్లీ మొదటినుంచి చెయ్యాలి.

మొదటి ప్రతి పట్టుకుని ఆవిరక్క ఒక లోడు నడిపింది. పన్నెండో వరస దగ్గర ఆగింది. “మూటలు బయటికి తీశాక పట్టీ చూడమన్నారు సార్. తీశాక అవి అరలోకి నడిచిపోతాయి. తలుపు తెరవకముందే చూడాలి.” వరస మార్చాను. ఎర్ర అట్ట కూడా లోడు పెట్టేటప్పుడే వెయ్యాలంది. అదీ మార్చాను. ఆ గదిలో పందొమ్మిదేళ్లుగా ఉన్న మనిషిని పదకొండేళ్ల ముందే అడిగి ఉంటే నలభై ఆరు పేజీలు రాసే శ్రమ నాకు మిగిలేది!

శుక్రవారం పెద్ద డాక్టరమ్మ గదిలో ఆవిరక్క గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టరమ్మ చెక్‌లిస్టు చదివారు. బాగుందన్నారు. తర్వాత రిజిస్టర్ తెరిచారు.

“ఇక సోమవారం సంగతి. పట్టీ చూడాల్సింది ఎవరు?”

నా నోటికి తాళం లేదన్నాను కదా, ఆ పూట మాత్రం తాళం పడింది. ఉబ్బిన పుస్తకం తీసి ముప్ఫై ఒకటో పేజీ బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివారు. మసకబారిన ‘రూ’ మీద వేలు ఆగింది.

“ఇది చెరపబోయిందెవరు?”

“నేనేనండీ. ‘అందరూ’ అన్నదీ నేనే. ఎవరో రాయకుండా నలభై ఆరు పేజీలు నింపిందీ నేనే. ఈవిడ తొమ్మిదేళ్ల కిందటే అడిగింది మేడమ్.”

డాక్టరమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టారు. ఆవిరక్కని వెళ్లి ఖాళీ మెషీన్ పరీక్ష మొదలుపెట్టమన్నారు. నాకు మెమో ఇచ్చారు. అందులో ‘ఇకపై జాగ్రత్త వహించవలెను’ అని ఉంది. ఎవరు అని అడగాలనిపించింది, అడగలేదు.

మధ్యాహ్నం చెక్‌లిస్టు అట్టకి అంటించి, మేకు దగ్గరికి తీసుకెళ్లాను. పాత పుస్తకాన్ని కింది అరలోకి దింపారు. ఆవిరక్క చెక్‌లిస్టుని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది. అడుగున ‘తయారుచేసినది: నాణ్యతా విభాగము’ అని ఉంది, ఎప్పుడూ వేసేదే. చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి, దాని పక్కన ఏదో రాసి నాకిచ్చింది.

‘ఎవరు?’

నవ్వుతోందేమోనని మొహంలోకి చూశాను. కళ్లలో నీళ్లున్నాయి. పెన్ను తీసి, విభాగాన్ని కొట్టేసి, నా పేరు రాశాను.

“సరే సార్” అంది ఆవిరక్క. ఈసారి మెషీన్ వైపు తిరగలేదు.