పడవ కూలి పద్దు

మా ముత్తాత వాకాడుకు దిగువన, కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్న ఊరికి మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత పంచాయతీ సమితి అధ్యక్షుడు. తుపాను వస్తుందంటే ఊరు ఖాళీ చేయాలా వద్దా అన్నది ఆయన మాట మీదే నడిచేది. మా నాన్న ఏ పదవీ చేయలేదు. ఆయన కాలానికి రొయ్యలొచ్చాయి. అందరికంటే ముందు గుంటలు తవ్వించింది ఆయనే, అందరికంటే ముందు తెల్లమచ్చ తెగులుకు పంట పోగొట్టుకున్నదీ ఆయనే. మా పొలాలు ఒక్కొక్కటిగా చేతులు మారాయి. ఆయన పోయాక నాకు మిగిలింది తాళం వేసిన ఇల్లు, ఆ ఇంటి మర్యాద.

నేను నెల్లూరులో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ను. మా అమ్మతో కలిసి టౌన్‌లోనే అద్దెకుంటున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, చిన్న వయసు అధ్యాపకులకు ఏడాది పరిశోధనకు నిధులిస్తామని ఒక సంస్థ ప్రకటన ఇచ్చింది. నేను మా ఊరి బావుల మీద రాశాను. రొయ్యల గుంటల పక్కన ఉన్న తాగునీటి బావుల్లో ఉప్పు ఏ నెలలో ఎంత పెరుగుతోంది, గుంటల నీళ్ళు వదిలే కాలువకు దగ్గరగా ఉన్న బావికీ దూరంగా ఉన్న బావికీ తేడా ఎంత అన్నది ప్రశ్న. ఊరి వాయవ్య మూలన, ఆ కాలువ గట్టుకు ఆనుకుని ఒక బావి ఉంది. నా ప్రశ్నంతా ఆ బావి మీద నిలబడి ఉంది. దాని నీళ్ళు లేకపోతే మిగిలిన బావుల లెక్కలకు అర్థం లేదు.

ప్రతిపాదన రాయడమంటే సగం శాస్త్రం, సగం కాలపట్టిక, బడ్జెట్. మొదటి నెల పరికరాలకు కొటేషన్లు తెప్పించడం, ల్యాబులో పరీక్షలకు అసిస్టెంటును తీసుకోవడం. రెండో నెల నుంచి పదకొండో నెల దాకా నెలకొకసారి బావుల నీళ్ళు తీయడం. చివరి నెల నివేదిక. నేను ముందు జూన్, జూలై అని పేర్లు రాశాను. మా డిపార్టుమెంటు హెడ్ మేడమ్ ఎర్ర పెన్నుతో వాటిని కొట్టేసింది.

“డబ్బు జూన్‌లోనే వస్తుందని నీకెవురు చెప్పినారు? కాలేజీ అకౌంట్లో డబ్బు పడిన రోజే మొదలు. మొదటి నెల, రెండో నెల అని రాయి.”

రాశాను. తరువాత ఆమె బడ్జెట్ పేజీ తిప్పి ఆగింది. అసిస్టెంటు జీతం, ఉప్పు కొలిచే మీటరు, రసాయనాలు, ఇతర ఖర్చులు, కాలేజీ వాటా అన్నీ ఉన్నాయి. ప్రయాణాల పద్దులో సున్నా ఉంది.

“ఇదేందమ్మా? ఎగిరి పోతావా?”

“నా బండి మీద పోతాను మేడమ్. వానల్లో రోడ్డు మునిగితే పడవ. ఆ ఊళ్ళో మా ఇంటివాళ్ళ దగ్గర పడవ కూలి తీసుకోరు.”

“తీసుకోకపోతే మానె. పద్దు మాత్రం పెట్టు. పెట్టి వాడకపోతే వెనక్కి పోతింది, అంతే. పెట్టని పద్దులోకి మళ్ళీ డబ్బు మార్చుకుంటామంటే వాళ్ళు ఒప్పుకోరు.”

“రాని ఖర్చు వస్తుందని ఎట్లా రాస్తాను?”

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. “సరే తల్లీ. మునసబు మునిమనవరాలివి. నీకు చెప్పేదానికి నేనెవురు?” అని సంతకం పెట్టింది.

అందులో నేను రాసింది అబద్ధం కాదు. మా తాత పోయిన తరువాత కూడా, మా నాన్న అప్పుల్లో ఉన్నప్పుడు కూడా, మా ఇంటివాళ్ళు పడవ ఎక్కితే ఎవరూ చేయి చాపలేదు. దిగేటప్పుడు మేము కూలి మాట ఎత్తితే అది వాళ్ళకు అవమానం. సంక్రాంతికీ, వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికీ బట్టలు పెట్టడం మా వంతు. అది ఆ ఊరి కట్టు.

మంజూరు ఉత్తరం దసరా తరువాత వచ్చింది. సగం డబ్బు ముందు ఇస్తారు. ఆరు నెలలకు ఖర్చుల లెక్క, పని ఎంత జరిగిందన్న నివేదిక పంపితే మిగిలిన సగం. ఏ బావి నీళ్ళు ఏ నెల తీయకపోయినా కారణం రాసివ్వాలి. ఆ కారణం వాళ్ళకు నచ్చకపోతే ఇచ్చింది వెనక్కి అడగవచ్చు. కార్తీకంలో కాలేజీ అకౌంట్లో డబ్బు పడింది. కాగితం మీద రెండో నెల అని రాసుకున్నది సరిగ్గా మా వైపు వానలు ముదిరే రోజులకు వచ్చి కూర్చుంది.

నేను వెళ్ళేసరికి రోడ్డు మీద మోకాలి పైదాకా నీళ్ళు. రేవులో ఒకే పడవ ఉంది. పడవ తోసే ముసలాయన నన్ను చూసి తలగుడ్డ తీశాడు, కానీ కదల్లేదు.

“అవతలికి పోవాల. ఊరి బావులన్నీ తిరగాల,” అన్నాను.

“పోదాం తల్లీ, పోదాం గానీ...” అతను వెనక్కి చూశాడు. పడవ నిండా రొయ్యల మేతబస్తాలు. “పడవ నాదే. బాడుగ మాత్రం గుంటలాయనకి రాసేసినా. ఏడాదికి. ఆయన్నొక మాట అడగాల.”

“నన్ను తీసుకుపోడానికి ఇంకొకర్ని అడగాలా?”

“మీ తాతుంటే నేనెందుకు అడగతా అమ్మా?” అన్నాడు. గుడ్డ మళ్ళీ తలకు చుట్టుకున్నాడు.

గుంటలాయన అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నాడు. మా నాన్న పొలాల్లో సగం ఇప్పుడు ఆయనవే. నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా నన్ను అక్కా అంటాడు. తెల్ల చొక్కా మీద ఒక్క చుక్క బురద లేదు.

“అక్కా, మీరు పడవ అడిగేదేంది? దింపండ్రా బస్తాలు. మనుషుల్ని గూడా తీసుకోండి. బొక్కెన, తాడు, అన్నీ వాళ్ళే చూస్తారు. మీ చెయ్యి తడవకూడదు.”

“పడవ చాలు.”

“చాలంటే ఎట్లా? నీళ్ళు పట్టుకోనుపోయి ఏం చేస్తారక్కా?”

“ఉప్పు ఎంతుందో చూస్తాను.”

ఆయన నవ్వాడు. “సముద్రం పక్కన ఉప్పు లేకుండా పంచదార ఉంటాదా? చూడండి, చూడండి. గుంటలు తవ్వేది ఈ ఊళ్ళో మొదట మీ నాయనే గదా నేర్పించింది. మాకు మీ ఇల్లే బడి.”

ఆయన మనుషులిద్దరూ పెద్దగా నవ్వారు. ముసలాయన నవ్వలేదు. ఆ రోజు గుంటలాయన మనుషులతో ఆ పడవలోనే వెళ్ళాను. వేరే దారి లేదు.

గుంటల మధ్య, రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళను చిలుకుతూ ఉన్నాయి. వాన హోరులో కూడా ఆ చప్పుడు మనిషిని వదలదు. ఆ మనుషులు ప్రతి బావి దగ్గరా నాకంటే ముందే దిగి నీళ్ళు తోడి ఇచ్చారు. నేను ఆ నీళ్ళు పారబోసి, నా చేత్తో తోడి, సీసా అదే నీళ్ళతో కడిగి నింపుకున్నాను. ఒకడు అది చూసి ఫోనులో ఎవరికో మెల్లగా చెప్పాడు. వాయవ్య మూలకు తిప్పమంటే పడవ తిరగలేదు.

“ఆడ వద్దు మేడమ్. బాయిలో పాము పడి చచ్చింది. వాసన.”

“వాసన నాకు కొత్త కాదు. తిప్పండి.”

“అన్న వద్దన్నాడు.”

ముసలాయన గెడ పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు. ఇంకొకసారి అన్నా పడవ తిరగదని తెలిసిపోయింది. ఆ పడవలో ఉన్నంతసేపూ నేను వాళ్ళు చూపించే బావులే చూస్తాను. రేవులో దిగేటప్పుడు గుంటలాయన గొడుగు పట్టాడు. “వచ్చే నెల గూడా మన పడవేనక్కా. ఖర్చు రాసుకోమాకండి. అసలు మీ కాగితాల్లో పడవకి డబ్బే లేదంట గదా,” అన్నాడు.

ఆ పేజీ ఆయన దాకా ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా కాలేజీ ఆఫీసులో ఆయన బంధువులున్నారని తరువాత మేడమ్ చెప్పింది. ఆ సాయంత్రం నెల్లూరుకు తిరిగి వస్తుంటే దారి పొడుగునా వెనక ఒక బండి దీపం కనిపిస్తూనే ఉంది. కోట ఊరు దాటాక లేదు.

మరునాడు మేడమ్ దగ్గరికి వెళ్ళి ఇతర ఖర్చుల నుంచి పడవకు మార్చడానికి వీలుందా అని అడిగాను. ఆమె ముందే చెప్పానని అనలేదు. సంస్థకు ఉత్తరం రాయించింది. మంజూరు చేయని పద్దులోకి మార్చడం కుదరదని వారం లోపలే జవాబు వచ్చింది.

“ఆ బావొకటి వదిలెయ్యి. వానల వల్ల పోలేకపోతిమని రాయి. ఒప్పుకుంటారు,” అంది ఆమె.

“ఆ బావి వదిలితే ఇంక నేను కొలిచేదేముంది మేడమ్?”

“అది గాదమ్మా. ఒంటరిగా తిరగతావు. ఆ మనుషులు మంచోళ్ళు గాదు.”

రోడ్డు తేలినా ఆ బావికి పోయే గట్లన్నీ గుంటలాయనవే కాబట్టి, అన్ని నెలలకూ పక్క ఊరి వాళ్ళ పడవ మాట్లాడుకున్నాను. వాళ్ళకు మా ఇంటితో ఏ కట్టూ లేదు. రేటు చెప్పారు, ముందే చేతిలో పెట్టమన్నారు. పెట్టాను. మా వంశంలో పడవ దిగకముందే కూలి ఇచ్చిన మొదటి మనిషిని నేనే. కాంట్రాక్టు లెక్చరర్‌ జీతం మూడు నెలలకొకసారి వస్తుంది. అందులో పడవకు తీయగా మిగిలేది అద్దెకు సరిపోదు.

రెండో విడతకు ఆ పడవలో వాయవ్య మూల బావి దగ్గరికి వెళ్ళాను. పాము లేదు, వాసన లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. మీటరు ముంచితే అంకె ఎక్కుతూ పోయింది. వానకు తక్కిన బావులన్నీ చప్పబడితే ఈ బావి మాత్రం ఎండాకాలపు ఉప్పుతో ఉంది. మీటరు తుడిచి మళ్ళీ ముంచాను, అదే అంకె. గట్టు మీద ఇద్దరు నిలబడి మమ్మల్ని ఫోటోలు తీస్తున్నారు. పడవవాడు, “తొందరగా కానీండమ్మా, మేం రేపు కూడా ఈ కాలవలో తిరగాల,” అన్నాడు.

మూడో విడత నీళ్ళు కూడా తీశాను. నాలుగో విడతకు వెళ్ళేసరికి బావి లేదు. గుంట గట్టు మట్టితో పూడ్చి, పైన పొక్లెయిన్‌తో చదును చేశారు. ఆ మట్టి మీద నిలబడి ఫోటో తీసుకున్నాను. కారణం రాసివ్వాల్సిన చోట ‘బావి పూడ్చబడింది’ అని రాసి, ముందు తీసిన రెండు అంకెలూ కింద పెట్టాను. పూడ్చిన చోటికి కొంచెం ఇవతల, అదే కాలువ గట్టున ఉన్న ఒక ఇంటి పెరటి బావి నుంచి ఇకమీదట తీస్తానని సంస్థను అనుమతి అడిగాను. ఇచ్చారు. ఆ ఇంటావిడ నీళ్ళు తోడుకోమంది గానీ, తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మట్టి మీద ఫోటో తీసుకున్న రోజే గుంటలాయన మా తాళం వేసిన ఇంటి ముందు కారు ఆపుకుని కూర్చున్నాడు. “పాత ఇల్లక్కా. రేత్రిళ్ళు చూసేవాళ్ళు లేరు. ఏదన్నా అయితే మాకు మాటొస్తాది. నాకిచ్చేయండి,” అన్నాడు.

“ఇల్లు అమ్మేది కాదు.”

“కూలి పడవల్లో ఎన్నాళ్ళు తిరగతారు?”

“ఇంకా ఆరు విడతలు ఉన్నాయి,” అన్నాను.

ఫాల్గుణంలో, ఆ విడతల పడవ కూలికి, ఆ ఇంటి వసారాలోని టేకు స్తంభాలు ఆరూ చెన్నై వ్యాపారికి అమ్మాను.