ఆదివారాన్ని నమ్ముకున్న స్టాటిస్టిక్స్

మా అమ్మాయి డిగ్రీ చివరి సెమిస్టరు పరీక్షలు బుధవారం నుంచి శనివారం దాకా వరసగా రోజుకొకటి పడ్డాయి. పాత సెమిస్టరులో తప్పిన స్టాటిస్టిక్స్ మాత్రం సోమవారం. ఈసారీ అది పోతే డిగ్రీ చేతికి రాదు, ఇక బీఈడీ ఊసే ఎత్తక్కర్లేదు.

దాంతో ఇంట్లో ముగ్గురం మూడు సిద్ధాంతాలతో బయల్దేరాం. విస్సన్నపేటలో ఉద్యోగం చేసే మా ఆయన అన్ని పుస్తకాలకూ సమానంగా గంటలు పంచమన్నాడు, రేషన్ బియ్యంలాగా. అమ్మాయిది ఇంకా సులువు. ముందొచ్చేది ముందు చదువుతుందట. స్టాటిస్టిక్స్‌కి మధ్యలో ఆదివారం ఉంది కదా, ఆ రోజంతా దానిదేనట.

"ఆదివారం రోజంతా నీకెక్కడిదే?" అన్నాను.

మా చర్చిలో ఆరాధన ఎప్పుడు మొదలవుతుందో బోర్డు మీద ఉంటుంది. ఎప్పుడు ముగుస్తుందో దేవుడికే తెలుసు. పరీక్షల రోజుల్లో అయితే పాస్టరు అయ్యగారు పిల్లలందర్నీ ముందుకు పిలిచి పేరుపేరునా ప్రార్థిస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందు. పుట్టినప్పటి నుంచీ అక్కడే పెరిగిన పిల్ల, క్యాలెండరులో ఎర్రంకె చూసి ఖాళీ రోజనుకుంది!

నా లెక్క వేరు. థియరీ ముందు రోజు తిరగేసినా కాస్త నిలుస్తుంది. లెక్కలు మాత్రం రోజూ చేస్తేనే చేతికి వస్తాయి. కాబట్టి ఇప్పట్నుంచే రోజూ పొద్దున గంట స్టాటిస్టిక్స్, మిగతా పొద్దంతా దగ్గరపడుతున్న పేపర్లు. ఇంగ్లీషు దానికి బాగా వచ్చు కనక ఆ పేపరుకి పైపైన ఒక చూపు చాలు.

ఆశ్చర్యం, అమ్మాయి ఒప్పుకుంది. నేను ప్రతి పొద్దునా దాని పక్కన నిలబడి ఈ పద్ధతే ఎందుకు సరైందో వివరిస్తూ వచ్చాను. ఒకరోజు పెన్ను కింద పెట్టింది.

"అమ్మా, ఈ గంట స్టాటిస్టిక్స్‌కి ఇచ్చావా, నువ్వు తీసుకున్నావా?"

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. లెక్కలు ఆ రోజు నుంచే సాగాయి.

నాలుగు పేపర్లూ అయ్యాయి. ఆదివారం అనుకున్నట్టే అయ్యగారు పిల్లల్ని పిలిచారు. ఉండబట్టలేక లేచాను.

"అయ్యగారూ, రేపే దీని పరీక్షండి. ప్రార్థన కాస్త చిన్నది చేయండి."

"ప్రార్థనకు కొలతలు ఉండవమ్మా."

"పరీక్షకు ఉంటాయండి, మూడు గంటలే."

అయ్యగారు నా ఓర్పు కోసం కూడా కలిపి ప్రార్థించారు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. అమ్మాయి మాత్రం కంగారుపడలేదు. వారమంతా తప్పు చేసిన లెక్కలే మళ్లీ చేసుకుని, భోజనం వేళకి పుస్తకం మూసేసింది.

పాసయింది. ప్రార్థన ఫలించిందని అయ్యగారు చర్చిలో ప్రకటించారు. సమానంగా పంచడం వల్లేనని మా ఆయన బస్టాండులో చెప్పుకున్నాడు. నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు బీఈడీ ఎంట్రన్సుకు చదువుతోంది. గోడ మీది టైంటేబుల్లో ఆదివారం గడి ఖాళీగా వదిలేసింది. పొద్దుటి గంట అలాగే ఉంది, దాని కింద మాత్రం "అమ్మ గదిలోకి రాకూడదు" అని రాసింది.