14.00 నుంచి 4.30 పీఎం దాకా

మెట్‌పల్లి పవర్‌లూమ్ సంఘం కార్యదర్శి హనుమండ్లు జీవితంల మధ్యాహ్నం రెండు అనేది ఎన్నడూ లేదు. పద్నాలుగే ఉండేది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిల, ఇరవై ఏండ్ల వయసుల, గోదావరి అవతల ఒక చిన్న రైల్వే స్టేషన్ల కొలువుకు చేరిండు. వచ్చిన బండికీ పోయిన బండికీ రిజిస్టర్ల నాలుగు అంకెలు రాసుడే పని. ‘రెండింటి బండి’ అని ఎవరన్న అడిగితే, ‘ఏ రెండు?’ అని తిరిగి అడిగేటోడు. అర్ధరాత్రి పన్నెండు అంటే ఏ తారీఖు కిందికి వస్తదని తగువు పుడ్తదని 23.59 అనో 00.01 అనో రాసేటోడు. నలభై ఏండ్లు అట్లనే గడిచినయి. కొలువు దిగినంక మెట్‌పల్లికి వచ్చిండు. ఇంగ్లీషు వచ్చు, చేతిల వేరే పని లేదు అని సంఘపోళ్లు ఆయనను కార్యదర్శిని చేసిండ్రు. మీటింగుల మెయిళ్లు రాసుడు ఆయన వంతైంది.

ఇంట్ల భార్య సత్తమ్మ ఒక్కతే ఆయన గంటలను పట్టించుకోలే. “పంతొమ్మిదిన్నరకు బువ్వ పెట్టు” అంటే, “నా గడియారంల పన్నెండే ఉన్నయి. మిగిలిన ఏడున్నర ఎక్కడ తింటవో తిను” అనేది.

సంఘం అధ్యక్షుడు అంబదాసు. నలభై ఏండ్లోడు, మనిషి మంచోడే గని ఏ పనికైనా తొందరెక్కువ. ఒకసారి తనే మెయిల్ కొట్టిండు: ‘మంగళవారం 12 am మీటింగ్.’ ఆయన ఉద్దేశం పట్టపగలు పన్నెండు. మంగళవారం పొద్దుగాల హనుమండ్లు ఫోన్ చేసి, దుఃఖం నిండిన గొంతుతోని అన్నడు: “అధ్యక్షా, నువ్వు రాకపోతివి. మీటింగు రాత్రే అయిపాయె.”

“గదేంది కాకా! ఇంక తొమ్మిది గూడ కాలే!”

“మంగళవారం 12 am అంటే సోమవారం దాటంగనే వచ్చే రాత్రి పన్నెండు. నేనొక్కన్నే పోయిన. తీర్మానం గూడ చేసిన, అధ్యక్షునికి గడియారం కొనియ్యాలని.”

అంబదాసు గాబరపడి, ఫోన్ పట్టుకొని లేచి నిలబడ్డడు. హనుమండ్లు నవ్వు వినవడ్డంకనే కూసున్నడు. “మరి పగటి పన్నెండుకు ఏం రాయాలె?” అని అడిగిండు. “పన్నెండు, మధ్యాహ్నం అని తెలుగుల రాయి. లేకుంటే నా తీరుగ 12.00 అని రాయి. రాత్రిదైతే 00.01.”

హనుమండ్లు తీరుగ రాస్తే ఇంకో పరేషాన్. 17.00 అని మెయిల్ పోంగనే సభ్యులు ఇరవై నలుగురూ అంబదాసుకు ఫోన్ చేసేటోళ్లు. ఆయన ఒక్కొక్కరికీ “అయిదింటికి, పొద్దు వంగినంక” అని చెప్పేటోడు. అట్ల రెండేండ్లు నడిచింది.

అప్పుడు పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. పాత మగ్గాలు తీసేసి కొత్తయి పెట్టే పథకానికి మెట్‌పల్లి పేరు లెక్కల ఉన్నది. రషీదా మేడం అనే అధికారి వచ్చి సభ్యులతోని మాట్లాడుతది. కనీసం పదహారు మంది ఆమె ముంగట సంతకాలు పెట్టాలె. లేకుంటే పథకం ఇంకో ఊరికి పోతది. గురువారం, 2–4.30 pm.

“జూడు కాకా, గిట్ల రాయాలె,” అన్నడు అంబదాసు.

“రెండు పక్కన ఏమీ లేదు కద. తెల్లారుజాము రెండు కావచ్చు.”

“ఆఖర్ల pm ఉన్నది. రెండిటికీ గదే. గంత తెల్వదా?”

“ఇక్కడ నడుస్తది. మొన్న నువ్వు 11–1 pm అని రాస్తివి. గప్పుడు పదకొండు రాత్రిదా?”

అంబదాసు మాట మార్చిండు. “గట్లయితే 11 am – 1 pm అని రెండు దిక్కులా రాద్దాం. గని నీ పద్నాలుగులు వద్దు.”

“నా పద్నాలుగులు వద్దంటే నేను రాయ.”

చాయ్ రెండుసార్లు వచ్చినంక రాజీ కుదిరింది. మొదలు హనుమండ్లు తీరు, ఆఖరు అంబదాసు తీరు. ఇద్దరి మాటా నిలబడ్డట్టు. మెయిల్ పోయింది: ‘గురువారం, 14.00 – 4.30 pm.’ తన పీఎం చూసుకొని మురిసిన అంబదాసు, “ఈసారి అందరికీ సమజైతది” అని ఎవ్వరికీ ఫోన్ చెయ్యలే. విచిత్రం ఏందంటే, వాళ్లు గూడ చెయ్యలే.

గురువారం సరిగ్గ రెండింటికి రషీదా మేడం కారు దిగింది. ఆఫీసుల నలభై కుర్చీలు, ఇద్దరు మనుషులు.

“సభ్యులు?”

“వస్తుండ్రు మేడం,” అన్నడు అంబదాసు, చెమట తుడుచుకుంట.

రెండుంబావుకు హనుమండ్లు ఫోన్లు మొదలుపెట్టిండు. పగటి షిఫ్టు, షెడ్లల్ల మగ్గాల మోతకు ఎవనికీ ఫోన్ వినవడలే. పన్నెండో ఫోనుకు పర్శరాములు ఎత్తిండు.

“యాడున్నవ్ రా? మీటింగు!”

“ఎరికే కాకా. నాలుగింటికి కద. నాలుగు నుంచి నాలుగున్నర.”

“నాలుగని ఎవడు చెప్పిండు?”

“నువ్వే రాస్తివి. పద్నాలుగుల ముంగటి ఒకటి నీ రైల్వేది, అది తీసేస్తే నాలుగు. ఆఖర్ల నాలుగున్నర అని ఉండనే ఉన్నది. సరిగ్గ కలిసింది! అరగంట మీటింగని అందరు ఖుషీగున్నరు. మూడున్నరకు మగ్గాలు బంద్ జేసి, మొఖాలు కడుక్కొని వస్తం. గిప్పుడు మగ్గానికి నూలు చుట్టిన బీమ్ ఎక్కిస్తున్న, ఇడిస్తే నూలు తెగుతది.”

ఫోన్ పెట్టేసిండు. హనుమండ్లు లెక్క చూసుకున్నడు. పద్నాలుగు నుంచి పన్నెండు కాదు, పది తీసేసిండ్రు. రెండు తీర్లు ఒక్క వరుసల పెడితే ఆ తప్పు పట్టిచ్చే అంకె ఏదీ మిగలలే. ఆఖర్ల గూడ 16.30 అని ఉంటే వాళ్లకు ఎప్పటి తీరుగ అనుమానం వచ్చేది, ఫోన్ చేసేటోళ్లు. 2.00 pm అని ఉంటే అసలు లొల్లే లేదు.

మేడం సంచి సర్దుకుంటున్నది. “సభ్యులకు ఆసక్తి లేనట్టున్నది. జగిత్యాలల అయిదున్నరకు ఇంకో మీటింగు ఉన్నది, నేను వెళ్తా.”

“మా జనం గంతే మేడం, టైం అంటే తెల్వదు” అంటే సరిపోతుండె. అంబదాసు ఆ మాటకే నోరు తెరిచిండు. ఎన్నడూ తన గంటల మీద మాట పడనియ్యని హనుమండ్లు అడ్డం వచ్చిండు.

“వాళ్ల తప్పేం లేదమ్మా. నాది.” మెయిల్ తెరిచి ఆమె ముంగట పెట్టిండు. “ఇది నేను రాసిన. పంతానికి సగం నాది, సగం ఈయనది.”

ఆమె చదివింది. మళ్ల చదివింది. పెదవులు బిగబట్టింది గని ఆగలే, పకపక నవ్వింది. “ఇది నేను చదివినా నాలుగింటికే వస్తుంటి. మంచిది, నాలుగు దాకా కూసుంటా. నాలుగున్నరకు మాత్రం కారెక్కుతా. అప్పటిదాకా మగ్గాలు చూపియ్యుండ్రి.”

నాలుగు కొట్టంగ ఆఫీసు ముంగట చెప్పుల చప్పుడు. ఒకరు కాదు, ఇరవై ముగ్గురు. తెల్లంగీలు, దువ్విన తలకాయలు. సంఘం పుట్టినప్పటి నుంచి ఏ మీటింగుకూ అర్ధగంట ఆలస్యం లేకుండ రాని జనం, అరగంట మీటింగు అనంగనే నిమిషం తప్పకుండ దిగిండ్రు. ఎవ్వరూ ఉపన్యాసం చెప్పలే. అడిగిందానికి జవాబు, చూపిన కాడ సంతకం. నాలుగు ఇరవై అయిదుకు మేడం కాయిదాలు సంచిల పెట్టుకున్నది.

“కాకా,” అన్నడు పర్శరాములు పోయేటప్పుడు, “ఇకనుంచి గిట్లనే రాయి. జల్ది అయితది.”

పై నెల మీటింగుకు హనుమండ్లు మెయిల్ కొట్టిండు: ‘3.00 pm – 3.30 pm.’ రెండు దిక్కులా పీఎం. అంబదాసు చదివి, ఆయనకు చాయ్ తెప్పిచ్చిండు. మీటింగు నిజంగ గంటన్నర పట్టేది. ఆ ముచ్చట హనుమండ్లు మెయిల్ల రాయలే, జనం వచ్చి కూసున్నంక తలుపు కాడ కుర్చీ వేసుకొని చెప్పిండు.

ఇంటికి పోయి తన డైరీల మాత్రం ఇట్ల రాసుకున్నడు: మీటింగు, 15.00 – 16.30.