ఆదివారం గళ్లలో టిక్కులు

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలక్క అనేవారు. బడుల నుంచి ఫోనుకు వచ్చే హాజరు పట్టీల ఫొటోలు చూసి నెలవారీ మొత్తాలు లెక్కకట్టడం ఆమె పని. భర్త పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేకపోవడంతో, ఎన్నడూ చూడని ఆ పిల్లలే ఆమెకు చుట్టాలయ్యారు. “ఈ గడుగ్గాయికి సోమవారమంటే చాలు, కడుపునొప్పి వచ్చేస్తుంది” అని టీ తాగుతూ నవ్వేది.

ఒక నెల ఒక చిన్న బడి లెక్క కుదరలేదు. ఏ పిల్లవాడు ఎన్ని రోజులు వచ్చాడో అడ్డంగా టిక్కులు లెక్కపెట్టి, అన్నీ కూడింది. రోజుకు ఎందరు వచ్చారో టీచరు అడుగున వేసిన అంకెలను మరోపక్క కూడింది. రెండూ ఒకటే రావాలి. అడ్డం లెక్కలో రెండు ఎక్కువొచ్చాయి. ఫొటో పెద్దది చేసి చూసింది. ఎర్ర సిరాతో ‘సె’ అని సెలవు గుర్తు వేసిన చివరి రెండు ఆదివారాల్లో, ఒక్క పాప పేరుకే టిక్కులున్నాయి. ఫొటోలో మరకలేమో అనుకుని ఇంకొకటి తెప్పించింది. అందులోనూ ఉన్నాయి.

టీచరుకు ఫోన్ చేసింది. “సెలవు రోజు హాజరు వేశారేంటమ్మా?”

“నేను వెయ్యలేదండీ. పట్టీ బీరువాలో ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే.”

తర్వాతి నెల మొదటి ఆదివారం ఇద్దరూ బడికి వెళ్లారు. గేటు తాళం తీస్తుండగా లోపల్నుంచి “వచ్చాను టీచర్” అన్న సన్నని గొంతు వినిపించింది. కిటికీకి ఒక ఊచ లేదు. ఆ పాప అందులోంచి దూరి వచ్చి, తన చోట చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

“ఎవరికి పలికావు తల్లీ?” అంది లెక్కలక్క.

“టీచర్ పేరు పిలిచారుగా.”

“నేనిప్పుడే కదే వచ్చింది?” అంది టీచరు.

“మీరు కాదు” అంది పాప, ఖాళీ కుర్చీ వైపు చూస్తూ.

బీరువా తీశారు. ఆ రోజు గడిలో టిక్కు ఇంకా తడిగా ఉంది.

పాప తల్లి ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు కూడా డ్యూటీ. పిల్ల ఒంటరిగా ఇంట్లో ఉంటుందనే అనుకుంటోంది. లెక్కలక్క వెళ్లి, “ఆదివారాలు మా ఇంట్లో వదిలిపెట్టమ్మా” అంది.

“మీకెందుకు పిన్నిగారూ శ్రమ?”

“శ్రమేముంది. నాకూ ఇంట్లో ఒక మాట వినిపిస్తుంది.”

కిటికీకి కొత్త ఊచ వేయించారు. పాప ఆదివారాలు లెక్కలక్క ఇంట్లో బొమ్మలు వేసుకుంటూ, ఆమె ఒళ్లోనే నిద్రపోతూ గడిపింది.

నెలాఖరున ఫొటో వచ్చింది. సెలవు గళ్లు వదిలేసి కూడితే రెండు మొత్తాలూ చక్కగా కలిశాయి. అయినా ఆమె ఫొటో పెద్దది చేసింది. మొదటి ఆదివారం టిక్కు అలాగే ఉంది. మిగిలిన ఆదివారాల్లో, పాప పేరుకు ఎదురుగా, అదే సిరాతో ‘గై’ అని ఉంది. గైర్హాజరు. ఒక్కో వారానికీ అక్షరం ఒత్తి రాసినట్టు లావెక్కింది.

ఆ వారమే పాపను వేరే బడిలో చేర్పించారు. లెక్కలక్క ఆ పాత బడి మొత్తాలు ఇప్పటికీ లెక్కకడుతోంది. కాకపోతే ఆదివారం గళ్ల మీద కాగితం ముక్క అడ్డం పెట్టుకుంటుంది.