ఒక్క ఊరే పెట్టుకున్న గేజి బాబాయి

పంపుల ఫ్యాక్టరీలో గేజి బాబాయి కంటిచూపు గురించి చెప్పుకునే కథలకు అంతు లేదు. తలవెంట్రుకను నిలువునా ఏడు చీలికలు చేస్తే, మూడోది కాస్త లావైందని గుమ్మంలోంచే పట్టేస్తాడనేవారు. అందులో సగం కోతలే అనుకున్నా, మిగిలిన సగం చాలు మామూలు మనిషిని గొప్పవాణ్ణి చేయడానికి. ఇరవై రెండేళ్లు అక్కడ తయారైన ప్రతి ముక్కా, కొలత చూసే ఆయన గేజి దాటాకే బయటికెళ్లింది. వచ్చే నెలాఖరుతో ఫ్యాక్టరీ మూతపడుతుందని గోడకు నోటీసు అంటించిన రోజున, అది వంకరగా ఉందని ఊడదీసి సరిగ్గా అంటించి వచ్చింది కూడా ఆయనే.

ఇంట్లో ఆయన భార్యకు, అంటే పిన్నికి, వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆసుపత్రిలో మిషను దగ్గర ఆమెకు చోటు దొరకడానికే ఏడు నెలలు పట్టింది. ఊరు మారితే మళ్లీ వరుసలో అందరికంటే వెనక నిలబడాలి. అందుకని ఆయనకు ఉద్యోగం కావాలి, అదీ ఈ ఊళ్లోనే కావాలి.

ఉద్యోగాల సైటులో పేరు పెట్టి మూడు వారాలైనా ఫోను పలకలేదు. చివరికి బావమరిది వచ్చి, కుర్చీ లాక్కుని, ఆయన ఫోను తెరిచి చూశాడు.

“హోదా అన్నచోట క్వాలిటీ మేనేజర్ ఒక్కటే పెట్టావేంటి బావా? ఐదు పెట్టుకోవచ్చు కదా.”

“నా కింద పదిమంది చేస్తున్నార్రా.”

“చేస్తున్నారు సరే. మేనేజర్ కోసం వెతికేవాడు డిగ్రీ అడుగుతాడు. నువ్వు కాలేజీ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చిన మహానుభావుడివి. ఇన్‌స్పెక్టర్ అని కూడా పెట్టు, అలా వెతికేవాళ్లకి కనిపిస్తావు.”

బాబాయి అయిష్టంగానే అదీ చేర్చనిచ్చాడు. ఏనాడో వదిలేసి వచ్చిన మెట్టు అది. బావమరిది వేలు కిందికి జరిగింది.

“ఎప్పుడు చేరతావంటే, తొందరేం లేదు, ఊరికే చూస్తున్నానని పెట్టావా?”

“ఆకలి ముఖం కనిపిస్తే చులకనైపోతాం.”

“చులకనయ్యేది తర్వాత. ముందు కనపడాలి కదా. మనిషి అర్జంటుగా కావాల్సినవాడు, తొందర లేదన్నవాడికి ఫోనెందుకు చేస్తాడు?”

వెంటనే చేరతానని మార్చారు. పనిరకంలో పూర్తికాలం పక్కన కాంట్రాక్టుకూ టిక్కు పడింది. మనుషుల్ని వెతికిపెట్టే రిక్రూటర్లకు తప్ప ఇంకెవరికీ కనిపించకూడదన్న సెట్టింగును మాత్రం బాబాయి మార్చనివ్వలేదు. వీధంతా చూసి జాలిపడటం ఆయనకు ఇష్టం లేదు. పని కావాల్సిన ఊరు అన్నచోట ఈ ఊరొక్కటే ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు.

నాలుగో రోజున ఫోను మోగింది. రిక్రూటర్‌ది చిన్న వయసు గొంతు. ఇన్‌స్పెక్టరు పని, పూర్తికాలం, ఉండటానికి క్వార్టర్సు. బాబాయి ముఖం వెలిగి, ఆ అమ్మాయి ఊరి పేరు చెప్పగానే ఆరిపోయింది. రైల్లో ఒక రాత్రి ప్రయాణం.

“నేను ఈ ఊళ్లోనే చూస్తున్నానమ్మా.”

“మీ ప్రొఫైల్లో మా ఊరు కూడా ఉంది సార్. అది చూసే చేశాను.”

రేపు చెబుతానని పెట్టేసి, సెట్టింగులు తెరిచాడు. నిజమే, రెండో ఊరు నిక్షేపంగా కూర్చుని ఉంది. బావమరిది మీద కోపం వచ్చే లోపే వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది.

“వాణ్ణేం అనకండి. నేనే పెట్టాను. మొన్న మీరు స్నానానికెళ్లినప్పుడు.”

“ఎందుకు?”

“మీరెళ్లండి. ఆసుపత్రికి తమ్ముడు తీసుకెళ్తాడు.”

“వాడు నెలలో ఇరవై రోజులు లారీ మీదే ఉంటాడు కదే.”

“అయితే ఒక్కదాన్నే వెళ్తాను. నా మూలంగా మీరు ఖాళీగా కూర్చుంటే, ఆ మిషను రక్తం ఎంత కడిగితే మాత్రం ఏం లాభమండీ?”

మిషను దిగాక ఆమె మెట్లు దిగే తీరు ఆయనకు తెలుసు. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి. ఆయన రెండో ఊరు తీసేశాడు. మర్నాడు ఆ అమ్మాయికి ఫోను చేసి, రాలేనన్నాడు. ఆమె సరే సార్ అంది, అంతే.

తర్వాత పదకొండు రోజులు ఎవరూ పిలవలేదు. పిన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆయనకు.

ఫ్యాక్టరీ మూసే ముందు రోజున ఊళ్లోంచే ఒక ఫోను వచ్చింది. వాల్వులు చేసే చిన్న షెడ్డు. ఇన్‌స్పెక్టర్, కాంట్రాక్టు, నాలుగు నెలలు. ఎల్లుండి రాగలరా అని అడిగారు. వస్తానన్నాడు. తనకన్నా పద్దెనిమిదేళ్లు చిన్నవాడి కింద పని.

పిన్నికి చెబితే, మంచం మీదినుంచే అడిగింది. “నాలుగు నెలలయ్యాక?”

“అప్పుడు కూడా ఈ ఊరే పెడతాను.”

ఆమె అటు తిరిగి పడుకుంది. ఆ వీపు కేసి ఆయన చాలాసేపు చూశాడు. అది ఏడుపో, నిద్రో, కోపమో, అంత చూపున్న బాబాయికి కూడా అంతుపట్టలేదు.