బ్రాకెట్టక్క మధ్యాహ్నాలు

మా ఆఫీసులో ఆమెను అందరూ బ్రాకెట్టక్క అంటారు. ఎవరైనా ప్రోగ్రాంలో ఒక బ్రాకెట్టు తెరిచి మూయకుండా వదిలేస్తే, మంచినీళ్ళకని వెనకనుంచి నడిచి వెళుతూనే కనిపెట్టేసేది. "తమ్ముడూ, తలుపు వేయడం మరిచిపోయావు" అని చెప్పి ఆగకుండా వెళ్ళిపోయేది. ఆ కుర్రవాడు మొహం మాడ్చుకుని వెతుక్కుంటే నిజంగానే అక్కడ ఒక బ్రాకెట్టు తక్కువుండేది.

యాభై మూడేళ్ళ మనిషి. ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు టైపు చేసే ఉద్యోగంతో మొదలుపెట్టింది. కంప్యూటరు మాటిమాటికీ మొరాయిస్తుంటే, బాగుచేసేవాడి కోసం ఎదురుచూడలేక మాన్యువల్ చదివి తనే ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. ఇప్పుడు ఆసుపత్రులు వాడే మందుల మోతాదు లెక్క ప్రోగ్రాం ఆమె చేతిలో ఉంది. పిల్లవాడి బరువు ఇస్తే ఎన్ని మిల్లీగ్రాములు ఇవ్వాలో చెప్పే ప్రోగ్రాం అది. ఇరవై ఆరేళ్ళుగా కోడ్ రాస్తోంది, ఇంకో పని చేయాలని ఒక్కనాడూ అనుకోలేదు.

నా సంగతీ చెప్పుకోవాలి. ఆఫీసులో కంప్యూటర్లు, తీగలు, ప్రింటర్లు చూసుకునేవాణ్ణి. చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉంటుంది, మాట్లాడేటప్పుడు దాన్నే ఆడిస్తాను, కాబట్టి పేరు కూడా అదే పడింది. ముక్కుమీద కోపం. నాకు తెలియనిది ఈ భూమ్మీద లేదని గట్టి నమ్మకం కూడా ఉండేది.

ఆ నమ్మకంతోనే రెండేళ్ళ కిందట ఆఫీసు మొత్తానికి నలభై మానిటర్లు ఎంచాను. ఇరవై ఏడంగుళాలు, కొంచెం వంపు తిరిగిన తెర, లోపల వీఏ అనే రకం ప్యానెల్. నలుపు అంటే కాటుకలాంటి నలుపు. కాగితం మీద ఉన్న అంకెలన్నీ చూశాను, మూడు కంపెనీలవి పోల్చాను, ఊరంతా చెప్పుకున్నాను. ఒక్కదాని ముందు కూడా కూర్చుని పూటంతా చదివి చూడలేదు.

దాదాపు అప్పటినుంచే అక్క తప్పులు చేయడం మొదలుపెట్టింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు మోతాదు పట్టికలో రెండున్నర ఉండాల్సిన చోట ఇరవై ఐదు పడింది. మధ్యలో చుక్క లేదు. మా టెస్టింగ్ అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అది ఆసుపత్రిదాకా వెళ్ళి ఉంటే ఏ పసివాడికో పదిరెట్ల మందు పడేది.

ఆ అమ్మాయే ఇంకోమాట కూడా అంది. "అక్క పొద్దున రాసినవాటిలో వెతికినా తప్పు దొరకదు. అన్నీ రెండు దాటాకే." అందరూ భోజనం మత్తు అని నవ్వారు. నేనూ నవ్వాను. వయసు మీద పడుతోంది పాపం అని లోపల అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అనుకున్నమాట నిజం.

అక్క మాత్రం నవ్వలేదు. మెడనొప్పికి పట్టీ వేసుకుని, కళ్ళలో చుక్కల మందు పోసుకుని పనిచేసేది. కంటి డాక్టరు దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పనికొచ్చే కళ్ళజోడు ఇచ్చాడు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి తల పగిలిపోయేదట.

ఆ రోజు ఆమె కీబోర్డు మార్చడానికి వెళ్ళాను. మూడు దాటింది. పడమటి కిటికీలోంచి ఎండ పడుతుందని తెరలు దించేశారు, గది మసకగా ఉంది. ఆమె మానిటరు మీద మేనేజరు రాసిన మెయిల్ తెరిచి ఉంది. తప్పని తెలిసీ చదివేశాను. ఇకమీదట కోడ్ రాయనక్కర్లేదు, మనుషుల్ని చూసుకునే పెద్ద పోస్టు తీసుకోండి, వచ్చే శుక్రవారంలోగా చెప్పండి అని మర్యాదగా రాశాడు.

"ఒప్పుకుంటున్నారా?" అన్నాను.

"ఒప్పుకోక ఏం చేయను? నా బుర్ర పనిచేయడం లేదురా తమ్ముడూ. ఒకే లైను నాలుగుసార్లు చదివినా ఎక్కడం లేదు. పసిపిల్లలకిచ్చే మందు ఇది. ఇంకోసారి చుక్క వదిలేస్తే ఎలా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరిమీదో తెలియదు. "మీరు లేకపోతే ఆ ప్రోగ్రాం ఎవడికి అర్థమవుతుందక్కా? ఆయనకా?" అంటూ తెరమీది మెయిల్‌కేసి స్క్రూడ్రైవరు గబగబా ఆడించాను.

ఆడిస్తూనే ఆగిపోయాను. తెల్లటి మెయిల్ ముందు నా స్క్రూడ్రైవరు ఒకటి కాదు, ఏడెనిమిది కనిపించాయి. దువ్వెన పళ్ళలా విడివిడిగా. మళ్ళీ ఆడించాను. మళ్ళీ అంతే. మానిటరు మెనూ తెరిచి చూస్తే వెలుతురు వందకి పన్నెండు దగ్గర ఉంది.

"ఇంత తగ్గించారేంటి?"

"కళ్ళు మండుతున్నాయని. కిటికీ తెరలు దించగానే తగ్గిస్తాను. మండేకొద్దీ ఇంకాస్త తగ్గిస్తాను."

వెలుతురు వందకి పెంచి ఆడించాను. స్క్రూడ్రైవరు ఒక్కటే చారగా, మసకగా కదిలింది. పన్నెండుకి దించాను. మళ్ళీ దువ్వెన.

కొన్ని మానిటర్లు వెలుతురు తగ్గించమంటే వెనక దీపాన్ని నిజంగా తగ్గించవు. సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. ఎంత తగ్గిస్తే అంత ఎక్కువ సమయం ఆరి ఉంటుంది. ఎంత నిదానించి చూసినా రెపరెప తెలియదు, మసకగా ఉందని మాత్రమే అనిపిస్తుంది. అందరికీ బాధ ఉండదు కానీ, కొందరి కళ్ళు, తలలు ఓర్చుకోలేవు. అక్క ఉపశమనం కోసం తగ్గించిన ప్రతిసారీ ఆ రెపరెపని ఇంకాస్త పెంచుకుంటూ వచ్చింది. పొద్దున గది వెలుగ్గా ఉంటుంది కాబట్టి తెరనీ వెలుగ్గానే ఉంచేది.

ఇక కళ్ళు తెరుచుకున్నాక అన్నీ కనిపించాయి. అంత పెద్ద తెరకి బొమ్మని కూర్చే చుక్కలు, అంటే పిక్సెళ్ళు, మామూలు హెచ్‌డీ అన్నే ఉన్నాయి, అక్షరాల అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి, దశాంశ చుక్క నలుసులా ఉంది. ఆమె నల్లటి నేపథ్యం మీద రాస్తుంది. పేజీ కదిలిస్తే అక్షరాల వెనక మరక సాగింది. వీఏ ప్యానెల్లో నలుపు మారడానికి ఆలస్యమవుతుంది. నేను మురిసిపోయిన కాటుక నలుపు ఇదే. పైగా స్టాండు ఎత్తు మారదని కింద రెండు కాగితాల కట్టలు పెట్టింది కూడా నేనే. తెర పైఅంచు కంటి ఎత్తులో ఉండాలని ఎక్కడో చదివి అందరికీ అదే కొలత పెట్టాను. ఆమె కళ్ళజోడులో దగ్గర చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది. అంత ఎత్తున చదవాలంటే గడ్డం పైకెత్తాలి. రోజుకి తొమ్మిది గంటలు అలా ఎత్తే కూర్చుంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. నలభై మానిటర్లు ఎంచింది నేనని అందరికీ తెలుసు. ఒక నిమిషం ఆ ఆలోచన కూడా వచ్చింది. తర్వాత చెప్పేశాను.

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "రెండేళ్ళురా. రెండేళ్ళు నా బుర్రని తిట్టుకున్నాను. ఇంటికెళ్ళి మా అమ్మాయితో, మీ అమ్మ పని అయిపోయిందే అని చెప్పి ఏడ్చాను. నువ్వు ఒక్క పూట దీనిముందు కూర్చుని ఉంటే సరిపోయేది కదా!"

నాకు తల కొట్టేసినట్టయింది.

మేనేజరు ముందు నా తప్పు ఒప్పుకుని, ఒక మానిటరు పరీక్షకని అనుమతి తెచ్చాను. మర్నాడు పొద్దునే ఇద్దరం షాపుకి వెళ్ళాం. అక్క తన ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకుంది. షాపతను సముద్రాలూ చిలుకలూ చూపిస్తుంటే, "అవి నాకొద్దు బాబూ, నా కోడ్ పెట్టు. ముందు ఒక కుర్చీ వెయ్యి" అంది. మానిటరు కొనడానికి వచ్చి కుర్చీ అడిగినవాళ్ళని అతను చూసినట్టు లేదు.

మొదటిది ఐపీఎస్ అనే ఇంకో రకం ప్యానెల్. పక్కకి జరిగినా రంగు మారలేదు, పేజీ కదిలిస్తే మరకలు పెద్దగా లేవు. కానీ మాదాంట్లో ఉన్నన్ని చుక్కలే దాంట్లోనూ ఉన్నాయి. అక్క దశాంశాల పట్టిక తెరిచి, ఒక్కసారి చూసి, వద్దంది. రెండోది నాలుగు రెట్ల చుక్కలున్న ఫోర్‌కే. అక్షరాలు మరీ చిన్నవైపోతే సెట్టింగులో ఒకటిన్నర రెట్లు పెంచాను. అచ్చు వేసిన పుస్తకంలా ఉంది. వెలుతురు అడుగుకి దించి స్క్రూడ్రైవరు ఆడించాను. ఒక్కటే చార. డబ్బామీద రెపరెప లేదని రాసి ఉంది కానీ, నేనిక డబ్బామీది మాటలు నమ్మే స్థితిలో లేను. మూడుచోట్ల వెలుతురు మార్చి మళ్ళీ మళ్ళీ ఆడించాను. షాపతను నాకేదో పూనిందనుకుని ఉంటాడు.

"స్టాండు చూడండి మేడం, ఎంత పైకి లేస్తుందో!" అని అతను సర్రున లేపాడు.

"పైకి సంగతి తర్వాత. ఎంత కిందికి దిగుతుంది?" అంది అక్క.

అతను ఒక్కొక్కటే దించి చూపించాడు. పక్కనున్న ముప్పై రెండంగుళాలది కిందికి దిగినా పైఅంచు ఎత్తుగానే ఉంది. ఇది మాత్రం అడుగంచు బల్లకి నాలుగు వేళ్ళ ఎత్తుకి దిగింది. అక్క తెరని కొంచెం వెనక్కి వాల్చి, కుర్చీలో సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. గడ్డం లేవలేదు. నేనూ షాపతనూ పక్కన నిలబడ్డాం. ఇరవై అయిదో నిమిషంలో, "ఇక్కడ నా తప్పొకటుంది, పోయిన నెలది" అని దిద్దేసింది.

అదే తెచ్చాం. మిగతా మానిటర్లున్నవాళ్ళందరికీ, వెలుతురు పైనే ఉంచి, దానికి బదులు తెలుపు మెరుపుని తగ్గించే కాంట్రాస్ట్ దించుకోమని వెళ్ళి చెప్పాను. మందు కాదు, తాత్కాలికంగా సర్దుబాటు. ఎందుకని అడిగిన ప్రతివాడికీ, నేను సరిగ్గా చూడకుండా ఎంచాను కాబట్టి అని చెప్పాను. నాలుగోవాడికి చెప్పేసరికి అలవాటైంది.

సోమ, మంగళ, బుధ, గురువారాలు అక్క మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా గడిచాయి. మెడపట్టీ సొరుగులోకి వెళ్ళింది. శుక్రవారం నాలుగింటికి మేనేజరు జవాబు కోసం వచ్చి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే టెస్టింగ్ అమ్మాయి భయం భయంగా వచ్చింది.

"అక్కా, నిన్న మధ్యాహ్నం మీరు రాసినదాంట్లో ఒక తప్పు దొరికింది."

మేనేజరు నేలకేసి చూశాడు. అక్క ఆ లైను తెరిచింది. ముందుకి వంగలేదు, కళ్ళు నులుముకోలేదు. రెండుసార్లు చదివింది. బరువు నలభై కిలోలు దాటితే ఏం చేయాలో రాసి, సరిగ్గా నలభై ఉంటే ఏం చేయాలో రాయలేదు.

ఆమె మొహం విచ్చుకుంది. అంతమందిలో గట్టిగా నవ్వేసింది.

"ఇది కనబడక చేసింది కాదు. ఆలోచించక చేసింది. అచ్చంగా నాదే!" అని మేనేజరు వైపు తిరిగింది. "ఆ పోస్టు ఇంకెవరికైనా ఇవ్వండి బాబూ. నాకు పనుంది."

కీబోర్డు దగ్గరికి లాక్కుని దిద్దడం మొదలుపెట్టింది.